కంటితోనే మానిటర్ సరిచూసుకుందాం: ఒక కొంగ ఫొటో, మూడు పరీక్షలు

మా కోటబొమ్మాళిలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఒక అన్నయ్య ఉన్నాడు. ఫొటోలు తన గదిలోనే కంప్యూటర్లో దిద్ది, ప్రింట్లకు పట్నంలో ల్యాబుకి పంపుతుంటాడు. కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లందరం ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఒకరోజు నన్నడిగాడు: “ఏటి తమ్ముడూ, నా కంప్యూటర్లో పట్టుచీర జరీ ధగధగలాడతంది. అదే కాయితం మీదికొస్తే మసక. ల్యాబోళ్లేటైనా చేస్తన్నారంటావా?”

ల్యాబు వాళ్లు ఏమీ చెయ్యలేదు. లెక్క చూస్తే విషయం తెలిసిపోతుంది. మామూలు ట్యూబ్‌లైట్ గదిలో బల్ల మీద సుమారు 200 లక్స్ వెలుగు పడుతుందనుకుందాం. తెల్లకాయితం అందులో 85 శాతం తిరిగిస్తుంది. కాయితం ప్రకాశం ఇలా వస్తుంది:

```
200 × 0.85 ÷ 3.14 ≈ 54
```

అంటే చదరపు మీటరుకి 54 క్యాండెలాలు. బ్రైట్‌నెస్ నిండా పెట్టిన మామూలు మానిటర్ 250 దాకా ఇస్తుంది, నాలుగున్నర రెట్లు ఎక్కువ. అంత వెలుగులో ఫొటో చూసేవాడికి అది ఎక్కువ తెల్లగా అనిపిస్తుంది, కొంచెం తగ్గిస్తాడు. తగ్గించిన ఫైలే ల్యాబుకి వెళ్తుంది. కాయితానికి సొంత వెలుగు లేదు కాబట్టి అది మసకగా కనబడుతుంది.

దీనికి సరైన మందు మానిటర్‌కి అంటించి కొలిచే పరికరం. అది మన దగ్గర లేదు, ఉన్నవి రెండు కళ్లు. కంటికి ఒక బలం, ఒక బలహీనత ఉన్నాయి. ‘ఇది ఎంత వెలుగు?’ అంటే అది చెప్పలేదు, ఎందుకంటే క్షణాల్లో గదికి అలవాటు పడిపోతుంది. పక్కపక్కనే పెట్టి ‘ఈ రెండూ ఒకటేనా, వేరా?’ అంటే మాత్రం చాలా చిన్న తేడా కూడా పట్టేస్తుంది. కింద చెప్పే పరీక్షలన్నీ మొదటి ప్రశ్నను రెండో ప్రశ్నగా మార్చేవే.

ఉదాహరణకి మన పక్కనే టెక్కలి మండలం తేలినీలాపురానికి వలస వచ్చే ఎర్రకాళ్ల కొంగ ఫొటో తీసుకుందాం. ఇంతకన్నా మంచి పరీక్షాపత్రం దొరకదు. మెడ, వీపు తెలుపు. రెక్కల చివర్లు నలుపు. రొమ్ము మీద నల్లపట్టీ, అందులో పొలుసుల్లాంటి తెల్లగీతలు. తోక దగ్గర లేత గులాబీ ఈకలు. నలుపు, తెలుపు, నడిమి ఛాయ మూడూ ఒకే పిట్టలో ఉన్నాయి.

ముందు గది సంగతి

మానిటర్ ఆన్ చేసి అరగంట ఆగండి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్, గది వెలుగును బట్టి మారే ఆటో బ్రైట్‌నెస్ రెండూ ఆపెయ్యండి. కిటికీ వెలుగు తెర మీద పడకూడదు. రోజూ ఏ లైటు కింద ఫొటోలు దిద్దుతారో అదే వేసి ఉంచండి, చీకట్లో సరిచేసి వెలుగులో పనిచేస్తే ఉపయోగం లేదు.

ఒకటి: బ్రైట్‌నెస్

ఈ పేరే చాలామందిని తికమక పెడుతుంది. పాత గాజు గొట్టం మానిటర్లలో బ్రైట్‌నెస్ గుండీ నలుపును పైకీ కిందకీ జరిపేది. ఇప్పటి ఎల్సీడీల్లో అదే పేరు మీద ఉన్న గుండీ సాధారణంగా వెనకున్న దీపాన్ని, అంటే బ్యాక్‌లైట్‌ని పెంచి తగ్గిస్తుంది. నలుపు, తెలుపు రెండూ ఒకే దామాషాలో మారతాయి. అందుకని దీన్ని కాయితంతో సరిపోల్చుకోవాలి.

తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. దాని పక్కన, గది లైటు పడేలా ఒక తెల్లకాయితం పట్టుకోండి. తెర ట్యూబ్‌లైట్‌లా, కాయితం బూడిదలా కనబడితే బ్రైట్‌నెస్ తగ్గిస్తూ రండి. రెండూ దాదాపు ఒకే తెలుపు అనిపించిన చోట ఆగండి. కాయితం మరీ మసకగా ఉండి తెర అంత కిందకి రాకపోతే, గదిలో లైటు పెంచాలి.

ఇప్పుడు నలుపు. జింప్‌లో 0 విలువతో నల్లటి బొమ్మ చేసి, దాని మీద 5, 10, 15, 20 విలువలతో నాలుగు చదరాలు గియ్యండి. తెర నిండా పెట్టి చూడండి. 10 చదరం లీలగానైనా కనబడాలి, 5 కనబడితే ఇంకా మంచిది. 20 ఒక్కటే కనబడి మిగతావి నలుపులో కలిసిపోతే, మన కొంగ రెక్క ఈకలు కూడా ఒక ముద్దలాగే కనిపిస్తాయి. ఫొటోలో వివరం ఉన్నా మీకు కనబడదు, నీడల్ని లేపి ఫొటో పాడుచేస్తారు.

రెండు: కాంట్రాస్ట్

ఇది పై చివరి పరీక్ష. 255 తెలుపు మీద 240, 245, 250, 253 చదరాలు గియ్యండి. 250 కనబడాలి. కాంట్రాస్ట్ పెంచుకుంటూ పోతే ఒకచోట ఈ చదరాలు ఒక్కొక్కటే తెలుపులో మాయమైపోతాయి. అవి మళ్లీ కనబడేదాకా వెనక్కి రావాలి. ఎల్సీడీల్లో సాధారణంగా కంపెనీ పెట్టి పంపిన విలువ దగ్గరే ఇది సరిగ్గా ఉంటుంది, దాన్ని పెంచాల్సిన పని తక్కువ. కొంగ మెడ మీద ఈకలు విడివిడిగా కనబడాలా, సున్నం కొట్టిన గోడలా కనబడాలా అన్నది ఇక్కడ తేలుతుంది.

ఒక్కోసారి నలుపులో 15 దాకా, తెలుపులో 240 పైన అన్నీ ఒకేసారి మాయమవుతాయి. అప్పుడు గుండీలు తిప్పి లాభం లేదు. హెచ్‌డీఎంఐ తీగలో కంప్యూటర్ 0 నుంచి 255 దాకా పంపుతుంటే, మానిటర్ టీవీ పద్ధతిలో 16 నుంచి 235 వరకే అనుకుంటోందన్నమాట. గ్రాఫిక్స్ సెట్టింగుల్లోనో మానిటర్ మెనూలోనో ఆ రేంజిని రెండు వైపులా ఒకటే చెయ్యాలి. దీనికి వ్యతిరేకంగా పొరపాటు పడితే నలుపు బూడిదరంగులో తేలి, ఫొటో అంతా వెలిసిపోయినట్టుంటుంది.

మూడు: గామా

అసలు అందం ఇక్కడుంది. పిక్సెల్ విలువ సగం, అంటే 127 అయితే తెర సగం వెలుగు ఇస్తుందనుకుంటాం. ఇవ్వదు. గామా 2.2 ఉన్న తెర మీద 127కి వచ్చేది దాదాపు 22 శాతం వెలుగు. సగం వెలుగు కావాలంటే 186 ఇవ్వాలి. ఒకవేళ తెర గామా 2.0 అయితే 180కే సగం వచ్చేస్తుంది. కాబట్టి ‘ఏ విలువకి సగం వెలుగు వస్తోంది?’ అని కనిపెడితే గామా తెలిసినట్టే.

మరి సగం వెలుగు ఎలా ఉంటుందో కంటికెలా చూపించాలి? ఒక గీత తెలుపు, ఒక గీత నలుపు, ఇలా అడ్డంగా పేర్చితే చాలు. దూరం నుంచి గీతలు కలిసిపోయి సరిగ్గా సగం వెలుగు కనబడుతుంది. గామా ఎంతైనా 0 అంటే నలుపే, 255 అంటే పూర్తి తెలుపే, ఆ రెండు చివర్లూ కదలవు. అందుకే గీతల సగం నమ్మదగ్గ సగం. పైథాన్‌లో పిల్లో లైబ్రరీ ఉంటే ఈ బొమ్మ మనమే చేసుకోవచ్చు:

```python
from PIL import Image
im = Image.new("L", (900, 300))
vals = [174, 180, 186, 191]
for y in range(300):
    for x in range(900):
        if (x // 100) % 2 == 0:
            v = 255 if y % 2 else 0
        else:
            v = vals[x // 200]
        im.putpixel((x, y), v)
im.save("gamma.png")
```

గీతల పట్టీల మధ్య నాలుగు నిండు చదరాలు వస్తాయి. ఎడమ నుంచి కుడికి అవి గామా 1.8, 2.0, 2.2, 2.4కి చెందినవి. బొమ్మను సరిగ్గా 100 శాతం సైజులోనే చూడాలి. ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 125 ఉంటే పరీక్ష అయ్యేదాకా 100కి మార్చండి. లేకపోతే గీతలు సాగి, చారలు చారలుగా పడి, ఫలితం తప్పు వస్తుంది. పీఎన్‌జీగానే ఉంచండి, వాట్సాప్‌లో పంపుకుంటే గీతలు చెడతాయి.

ఇప్పుడు నాలుగైదు అడుగులు వెనక్కి జరిగి కళ్లు కొంచెం చికిలించి చూడండి. ఏ చదరం పక్కనున్న గీతల్లో కలిసిపోయిందో అదే మీ తెర గామా. ఫొటోలకు వాడే ఎస్ఆర్‌జీబీ ప్రమాణానికి దగ్గరది 2.2 కాబట్టి, 186 చదరం కలవాలి.

నా లైనక్స్ ల్యాప్‌టాప్‌లో 180 చదరం కలిసిపోయింది, 186 గీతలకన్నా తెల్లగా తేలింది. అంటే గామా 2.0. అలాంటి తెర మీద 128 విలువ ఉండాల్సినదానికన్నా సుమారు 15 శాతం ఎక్కువ వెలుగుతో కనబడుతుంది. కొంగ గులాబీ ఈకలు ఉండేది ఈ నడిమి ఛాయల్లోనే, అవి వెలిసినట్టు కనబడతాయి. దిద్దుబాటు తేలిక: ఉన్న గామాను కావలసిన గామాతో భాగిస్తే 2.0 ÷ 2.2, అంటే 0.91.

```
xgamma -gamma 0.91
```

తర్వాత మళ్లీ బొమ్మ చూస్తే 186 కలిసింది. ఈ కమాండ్ ఎక్స్11 మీద నడిచే లైనక్స్‌లోనే పనిచేస్తుంది. విండోస్ వాళ్లు `dccw` అని టైప్ చేస్తే రంగులు సరిచేసే కిటికీ తెరుచుకుంటుంది. అందులో గామా స్లైడర్ ఉంటుంది, దాన్ని జరిపి ఇదే బొమ్మతో సరిచూసుకోవచ్చు.

రంగులు, హద్దులు

ఇదే బొమ్మను ఎరుపు-నలుపు గీతలతో, ఆకుపచ్చతో, నీలంతో విడివిడిగా చేస్తే మూడు రంగుల గామా విడివిడిగా తెలుస్తుంది. ఎరుపు 180 దగ్గర, నీలం 191 దగ్గర కలిశాయనుకోండి. నడిమి ఛాయల్లో ఎరుపు ఎక్కువ, నీలం తక్కువ వస్తోందన్నమాట. తెలుపు తెల్లగానే ఉన్నా బూడిదరంగు మాత్రం ఎర్రబారి కనబడుతుంది. `xgamma` లో `-rgamma`, `-bgamma` అని రంగుకొకటి ఇచ్చి ఇది సరిచేసుకోవచ్చు.

తెలుపు ఏ రంగు తెలుపో మాత్రం కంటిని నమ్మి తేల్చకండి. పది నిమిషాలు చూస్తే నీలి తెలుపూ, పసుపు తెలుపూ రెండూ తెల్లగానే అనిపిస్తాయి. మానిటర్ మెనూలో 6500 కెల్విన్ అనో, ఎస్ఆర్‌జీబీ అనో ఉంటే అది పెట్టి వదిలెయ్యండి. తెర అసలు ఎంత గాఢమైన ఎరుపును చూపగలదన్నది కూడా కంటికి తేలదు, దానికి పరికరమే కావాలి.

చౌక ల్యాప్‌టాప్ తెరల్లో ఇంకో చిక్కుంది. తల కొంచెం పైకెత్తితే, దించితే గామా మారిపోతుంది. బొమ్మను తెర పైఅంచున ఒకసారి, కిందిఅంచున ఒకసారి పెట్టి చూడండి. రెండుచోట్లా వేర్వేరు చదరాలు కలిస్తే మీ తెర ఆ రకం. అప్పుడు తెర నడిమి భాగానికి సరిచేసుకుని, ఫొటోలో ముఖ్యమైన భాగాన్ని ఎప్పుడూ అక్కడికి తెచ్చుకునే దిద్దాలి.

చివరి పరీక్ష కాయితమే. కొంగ ఫొటోను చిన్న సైజులో ల్యాబులో ఒక ప్రింటు తీయించండి, ‘ఆటో కరెక్షన్ వద్దు’ అని ముందే చెప్పండి. వచ్చిన ప్రింటును తెర పక్కన, అదే ట్యూబ్‌లైట్ కింద పట్టుకోండి. రొమ్ముపట్టీలో తెల్లగీతలు, మెడ ఈకలు, గులాబీ ఛాయ రెండింట్లోనూ ఒకేలా ఉంటే మానిటర్ పని అయినట్టే. ప్రింటు మొత్తం మసకగా ఉంటే బ్రైట్‌నెస్ ఇంకా తగ్గించాలి. నలుపు, తెలుపు సరిపోయి గులాబీ ఒక్కటే తేడాగా ఉంటే మళ్లీ గామా బొమ్మ దగ్గరికి వెళ్లాలి.

ఆ ప్రింటు పారెయ్యకండి. రెండు మూడు నెలలకోసారి తెర పక్కన పెట్టి చూసుకోవడానికి అదే మీ కొలబద్ద.