ధరలు పెరిగినా పప్పు పలచబడనివ్వకండి

2023 జూలైలో టమాట కిలో వంద దాటింది. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో తగ్గేది పప్పే. అందుకే వారం లెక్క పప్పుతో మొదలుపెడదాం.

మెట్‌పల్లిలో నలుగురున్న ఇంటికి వారానికి వెయ్యి రూపాయలు ఉన్నాయనుకుందాం. రేషన్ బియ్యం మనిషికి నెలకు 6 కిలోలు, అంటే ఇంటికి వారానికి అయిదున్నర కిలోలు. కిలోన్నర పప్పుకు 210, డజను గుడ్లకు 84, ముప్పావు లీటరు నూనెకు 116 రూపాయలు ముందే పక్కన పెడదాం. తక్కువపడే బియ్యానికి, పాలకు, ఉప్పుకారాలకు 300. మిగిలిన 290 కూరగాయలకు.

టమాట ప్రియమైతే పావుకిలోతో సరిపెట్టి, పులుపుకు చింతపండు వేసుకుందాం. ఆ మిగులుతో అంగట్లో పాలకూర, తోటకూర, సొరకాయ కొనవచ్చు. ధరలు మారితే కూర మార్చాలి, పప్పు కొలత కాదు. పప్పు నీళ్లలా పలచబడిందంటే లెక్క తప్పుతున్నట్టే.

కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, ఆకుకూరల కొలత డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.