పెళ్లి ఫొటోలో నవ్వును సరిదిద్దగలరా? రిటచర్ ఉద్యోగానికి అసలు పరీక్ష ఇదే

పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియోల్లో, ఫ్యాషన్ ఫొటోగ్రాఫర్ల దగ్గర రిటచర్ ఉద్యోగానికి వెళ్లేవాళ్లు సాధారణంగా మొటిమలు తీసేయడం, చర్మం నునుపు చేయడం, బ్యాక్‌గ్రౌండ్ మార్చడం నేర్చుకుని వెళ్తారు. అవి అవసరమే. అయితే అభ్యర్థి చేయి ఎంత తిరిగిందో తెలియాలంటే బిగుసుకుపోయిన నవ్వున్న ఫొటో ఒకటి ఇచ్చి చూస్తే చాలు. చర్మం మీద పొరపాటు చేస్తే ఫొటో కాస్త కృత్రిమంగా ఉంటుంది. నవ్వు దగ్గర చేస్తే ఇంట్లోవాళ్లే ‘ఇది మా అమ్మాయిలా లేదు’ అంటారు.

జపాన్ రోబోటిక్స్ ప్రొఫెసర్ మసాహిరో మోరి 1970లో ఒక వ్యాసం రాశారు. మనిషిని దాదాపుగా పోలి ఉండి, ఎక్కడో కొంచెం తేడా కొట్టే రూపాన్ని చూస్తే దగ్గరితనానికి బదులు జంకు పుడుతుందన్నది అందులోని ఆలోచన. ఆయన చెప్పింది రోబోల గురించే అయినా, మితిమీరి దిద్దిన ముఖానికీ అది వర్తిస్తుంది.

నవ్వు పెదవుల్లోనే ఉండదు

ఫ్రెంచ్ వైద్యుడు డ్యుషెన్ 1862లో ప్రచురించిన పుస్తకంలో మనసారా నవ్వే నవ్వుకు, మర్యాదకు నవ్వే నవ్వుకు తేడా చూపించారు. పెదవుల కొసలను పైకి లాగే కండరం మన మాట వింటుంది. కంటి చుట్టూ ఉండే కండరం మాత్రం చెప్పగానే అంత సులువుగా కదలదు. నిజంగా నవ్వు వచ్చినప్పుడు రెండూ కలిసి పనిచేస్తాయి. బుగ్గలు పైకి లేస్తాయి, కింది రెప్ప కాస్త బిగుస్తుంది, కన్ను కొద్దిగా సన్నబడుతుంది, ముక్కు పక్కనుంచి పెదవి కొస దాకా దిగే మడత లోతవుతుంది.

రిటచర్ గుర్తుంచుకోవాల్సింది ఇదే. కొసలను మాత్రమే పైకి లేపి బుగ్గను, కంటిని అలాగే వదిలేస్తే ముఖంలో పైభాగం ఒక మాట, కిందిభాగం ఇంకో మాట చెబుతాయి. ఎబ్బెట్టుగా అనిపించేది అక్కడే.

ఒక ఫొటో తీసుకుని చూద్దాం

రిసెప్షన్‌లో రెండు గంటలు నిలబడిన పెళ్లికూతురి ఫొటో అనుకుందాం. పెదవులు సాగి ఉన్నాయి కానీ కొసలు లేవలేదు. కళ్లు పెద్దవి చేసి చూస్తోంది, దవడ బిగిసింది. ‘నవ్వు కాస్త పెంచండి’ అని ఇంటివాళ్లు అడిగారు.

ముందుగా ఫొటోషాప్ తెరవకండి. ఈ ఫొటోకు ముందూ వెనకా తీసిన ఫ్రేములు చూడండి. ఫొటోగ్రాఫర్ వరసగా నాలుగైదు క్లిక్‌లు కొట్టి ఉంటే, వాటిలో ఒకదాంట్లో ముఖం సడలి ఉండే అవకాశం ఎక్కువ. తల తిరిగిన కోణం, వెలుతురు ఒకేలా ఉంటే ఆ ముఖాన్ని ఈ ఫ్రేములోకి తెచ్చి, రెండు లేయర్లనూ Auto-Align Layers తో కలిపి, మాస్క్‌తో అంచులు సర్దవచ్చు. ఏ స్లైడరూ ఇవ్వలేని సహజత్వం దీంతో వస్తుంది, ఎందుకంటే ఆ నవ్వు ఆమెదే.

అలాంటి ఫ్రేము లేనప్పుడే Liquify జోలికి వెళ్లాలి. ముందు లేయర్‌ను స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా మార్చుకోండి. అలా చేస్తే రేపు క్లయింట్ ‘కొంచెం తగ్గించండి’ అన్నా మొదటినుంచి చేయాల్సిన పని ఉండదు. ముఖాన్ని గుర్తించి కళ్లకు, ముక్కుకు, నోటికి విడివిడిగా స్లైడర్లు ఇచ్చే సదుపాయం ఫొటోషాప్‌లోకి 2016లో వచ్చింది. నోటి విభాగంలోని Smile స్లైడర్ మైనస్ 100 నుంచి ప్లస్ 100 దాకా జరుగుతుంది.

కొత్తవాళ్లు దాన్ని ఒక్కసారిగా 60కి లాగుతారు. కొసలు లేస్తాయి, బుగ్గ కదలదు. పళ్లు కనిపించే నవ్వయితే పళ్ల వరస కూడా వంకర పోతుంది. ఈ ఫొటోకు 12 నుంచి 15 మధ్య ఆగడం మంచిది. ఇది అన్ని ముఖాలకూ పనికొచ్చే లెక్క కాదు. చిన్న విలువతో మొదలుపెట్టి, మార్పు జరిగిందని మీకు కనిపించిన చోటు నుంచి కాస్త వెనక్కి రావాలి.

తర్వాత Forward Warp టూల్ తీసుకోండి. బ్రష్‌ను దాదాపు బుగ్గంత పెద్దది చేసి, ప్రెషర్ బాగా తగ్గించి, బుగ్గను కంటివైపు రవ్వంత జరపండి. చిన్న బ్రష్ వాడితే చర్మం గుంటలు పడినట్టు కనిపిస్తుంది. పళ్లు, కనుపాప కదలకుండా ముందే వాటి మీద Freeze Mask వేసుకోండి. చివరగా కంటి ఎత్తును కొద్దిగా తగ్గించండి. కళ్లు పెద్దవైతే అందమన్న అలవాటుతో ఇక్కడ పెంచేవాళ్లుంటారు. అలా చేస్తే నవ్వు కాస్తా బెదురుచూపు అవుతుంది.

చాలాసార్లు అసలు కావాల్సింది నవ్వు పెంచడం కూడా కాదు, బిగువు తగ్గించడం. కనుబొమల మధ్య గీతను పూర్తిగా చెరిపేయకుండా, వేరే లేయర్‌లో హీలింగ్ చేసి ఆ లేయర్ ఒపాసిటీని సగానికి తగ్గించండి. మెడ మీద బిగిసిన నరాల నీడలను కూడా అలాగే పలుచన చేయవచ్చు. ఈ రెండూ చేశాక Smile స్లైడర్ అవసరమే లేకపోవచ్చు.

ఇంకో మాట. నవ్వినప్పుడు చాలామందికి ఒక కొస కాస్త ఎక్కువ లేస్తుంది. రెండు వైపులా సమానం చేస్తే ఆ మనిషి పోలిక పోతుంది. ఆ తేడాను అలాగే ఉంచండి.

తప్పిందని ఎలా తెలుస్తుంది?

స్క్రీన్ మీద నోటిని బొటనవేలితో మూసి కళ్లు మాత్రమే చూడండి. తర్వాత ఫొటోలోని కళ్లను వేలితో కప్పి నోరు చూడండి. రెండింటిలోనూ ఒకే భావం కనిపించాలి. ఫొటోను అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మార్చి చూస్తే అలవాటుపడిన కంటికి దొరకని వంకర దొరుకుతుంది. 100 శాతం జూమ్‌లో చర్మ రంధ్రాలు సాగి గీతల్లా కనిపిస్తే లాగింది ఎక్కువైనట్టే. పక్కకు తిరిగిన ముఖాల్లో ఈ స్లైడర్లు సరిగ్గా పనిచేయవు. అక్కడ చేత్తో చేయాలి, లేదంటే వదిలేయాలి.

అసలు ముట్టుకోకూడనివి కూడా ఉన్నాయి. పాస్‌పోర్టు, వీసా ఫొటోల్లో ముఖాన్ని దిద్దకూడదు. అమెరికా వీసా నిబంధనలు మార్చిన ఫొటోలను ఒప్పుకోవు. వార్తా ఫొటోల్లో హావభావం మార్చడం వృత్తి నియమాలకు విరుద్ధం. అలాంటి పని వస్తే ఎందుకు కుదరదో చెప్పగలగడం కూడా ఉద్యోగంలో భాగమే.

చదువు, పోర్ట్‌ఫోలియో

దీనికి డిగ్రీ తప్పనిసరి కాదు. పద్ధతిగా నేర్చుకోవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ ఫొటోగ్రఫీ ఉంది. ఎక్కడ నేర్చుకున్నా ముఖ కండరాల బొమ్మలు గీయడం అలవాటు చేసుకోండి. ఏ కండరం ఏ మడతను తెస్తుందో తెలిస్తే స్లైడర్‌ను ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

పోర్ట్‌ఫోలియోలో యాభై ఫొటోలు పెట్టే బదులు ఆరు పెట్టండి. ప్రతిదానికీ ముందు, తర్వాత పక్కపక్కనే ఉండాలి. ఫొటోలోని వ్యక్తి అనుమతి ముందే తీసుకోండి. ఆరింటిలో ఒకటి నవ్వు దిద్దినది, ఒకటి బిగువు మాత్రమే తగ్గించినది ఉండేలా చూడండి. వాటి లేయర్ ఫైళ్లనూ వెంట తీసుకెళ్లండి. ఎక్కడ ఆగారు, ఎందుకు ఆగారు అని అడిగితే లేయర్ ఆపి, వెలిగించి చూపించగలగాలి.