కొత్త ఊర్లో కల్యాణమిత్రులు



హుజూరాబాద్ నుంచి కొలువు కోసం హైదరాబాద్ పోయిన మనోళ్లు చాలామంది అనే మాట ఒకటుంది: "పలకరించేటోళ్లు ఉన్నరు గానీ దోస్తులు లేరు." చిన్నప్పుడు బడి, వాడ కలిసి దోస్తులను ఇచ్చేవి. ఇప్పుడు మనమే వెతుక్కోవాలి.

దీఘజాణు అనే కోలియ గృహస్థుడు, సంసారులకు పనికొచ్చే ధమ్మం చెప్పమని బుద్ధుణ్ణి అడిగిండు. బుద్ధుడు చెప్పిన నాలుగింటిలో కల్యాణమిత్రత ఒకటి. ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే శ్రద్ధ, శీలం, త్యాగం, ప్రజ్ఞ ఉన్నవాళ్లను వెతికి, వాళ్లతో కూర్చొని మాట్లాడాలి, వాళ్లలోని మంచిని నేర్చుకోవాలి అన్నడు. వాళ్లు చిన్నవాళ్లైనా కావచ్చు, పెద్దవాళ్లైనా కావచ్చు. అంటే దోస్తు మన ఈడువాడే కానక్కర్లేదు. పక్క గదిలో ఉండే పెద్దాయన కూడా కావచ్చు.

మరి మనిషిని గుర్తుపట్టేదెట్ల? ఠాన సుత్తం నాలుగు దారులు చూపుతది. శీలం కలిసి ఉంటే తెలుస్తది. నిజాయితీ ఇచ్చిపుచ్చుకునే దగ్గర తెలుస్తది. గుండెబలం ఆపదలో తెలుస్తది. ప్రజ్ఞ చర్చలో తెలుస్తది. ఇవన్నీ చాలాకాలం గమనిస్తేనే తెలుస్తయి. ఒక్క ఆదివారం చాయ్‌తో తేలవు.

బాబాసాహెబ్ అనుభవం చూడండి. 1917లో కొలువు కోసం బరోడా పోయిండు. కులం వల్ల బస దొరకదని తెలిసి పార్సీల సత్రంలో దిగిండు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చినవాళ్లు ఖాళీ చేయమన్నరు. ఆ ఊళ్లో ఆయనకు ఇద్దరు స్నేహితులున్నరు. నువ్వు వస్తే మా నౌకర్లు వెళ్లిపోతరు అన్నడు హిందూ మిత్రుడు. రేపు భార్య వచ్చినంక అడిగి చెప్తనన్నడు క్రైస్తవ మిత్రుడు. అది మర్యాదగా కాదనడమేనని బాబాసాహెబ్‌కు అర్థమైంది. కమాటీ బాగ్‌లో కూర్చొని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయిండు. మాటలు కలిసినయి గానీ, ఆపదలో తలుపు తెరుచుకోలేదు.

అందుకే ఆపద వచ్చేదాకా ఆగకండి. చిన్న పనులతోనే మొదలుపెట్టండి. వారానికొకసారి అదే చోట, అదే మనుషులను కలవండి. వీలైతే సికింద్రాబాద్ మహేంద్రా హిల్స్‌లోని ఆనంద బుద్ధ విహార్‌కు పోండి. ఒక పుస్తకం అడిగి తీసుకొని, చెప్పిన రోజుకు తిరిగివ్వండి. మీ కులం తెలిసినంక పిలుపు, పళ్లెం, గ్లాసు మారినయా గమనించండి. జ్వరమొస్తే ఎవరు వచ్చిండ్రో చూడండి. అట్లనే ఎదుటోళ్లకు జ్వరమొస్తే మీరూ పోండి, ఎందుకంటే వాళ్లు కూడా మిమ్మల్ని అట్లనే చూస్తుంటరు.

చర్చకు: మీరు ఉంటున్న ఊర్లో అర్ధరాత్రి తలుపు కొట్టగలిగిన ఇల్లు ఏది? మీ తలుపు ఎవరు కొట్టగలరు?