పదేళ్ల పిల్లకి సంగీతం: గురువు ఎదురుగానా, ఫోన్‌లోనా?

"పాపకి సంగీతం నేర్పించాలనుంది. శంకరంపేట నుంచి మెదక్‌కో హైదరాబాద్‌కో తిప్పడం కష్టం. ఆన్‌లైన్‌లో చేర్పించవచ్చా?" తల్లిదండ్రుల సమావేశాల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. సమాధానం పిల్ల ఇప్పుడు ఏ పాఠం దగ్గర ఉందన్న దానిపై ఆధారపడుతుంది. కర్ణాటక సంగీతంలో అందరూ మొదలుపెట్టే సరళీ వరసనే తీసుకుని చూద్దాం.

కలిసి పాడటం ఎందుకు కుదరదు?

మొదటి సరళీ వరస మాయామాళవగౌళ రాగంలో, ఆది తాళంలో ఉంటుంది. ఆది తాళానికి ఎనిమిది లెక్కలు. ఒక్కో లెక్కకు ఒక సెకను అనుకుందాం. మొదటి కాలంలో లెక్కకు ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంటే మూడో కాలంలో ఒక్కో స్వరానికి దక్కేది పావు సెకను.

వీడియో కాల్‌లో గురువు గొంతు పిల్లకు చేరి, పిల్ల గొంతు తిరిగి గురువుకు చేరేసరికి పావు సెకను ఇట్టే గడిచిపోతుంది. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఇంకా ఎక్కువ. పిల్ల సరిగ్గానే పాడినా గురువుకు ఒక స్వరం వెనకబడినట్టు వినిపిస్తుంది. అందుకే ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడలేరు. గురువు పాడి ఆపితే పిల్ల అందుకోవాలి.

ఎదురుగా కూర్చున్నప్పుడు సంగతి వేరు. గురువు తొడ మీద తాళం వేస్తుంటే పిల్ల చేయి ఆ చేతిని చూసి నడుస్తుంది. తడబడిన చోట గురువు గొంతు కలిపి లాక్కెళతారు. లయ కుదిరేది ఇలా కలిసి పాడేటప్పుడే.

శ్రుతి ఎక్కడ పోతుంది?

కాల్ యాప్‌లు మాట స్పష్టంగా వినిపించేలా తయారైనవి. ఆగకుండా వచ్చే ఒకే రకం శబ్దాన్ని ఫ్యాన్ మోత అనుకుని తగ్గించేస్తాయి. తంబూరా నాదం కూడా అలాంటిదే. గురువు ఇంట్లో మోగే తంబూరా మీ ఇంటికి తెగుతూ చేరుతుంది, లేదా అసలు చేరదు. ఆనుకోవడానికి శ్రుతి లేక పిల్ల గొంతు పక్కకు జరుగుతుంది. మాయామాళవగౌళలో 'రి' స్వరం 'స'కు బాగా దగ్గర. పిల్లలు దాన్ని కాస్త పైకి పాడేస్తుంటారు. ఆ తేడా ఫోన్ స్పీకర్‌లో గురువుకు దొరక్కపోవచ్చు.

దీనికి మందు ఉంది. తంబూరా యాప్‌ను మీ ఇంట్లోనే రెండో ఫోన్‌లో పెట్టండి. పిల్లకు ఏ శ్రుతి సరిపోతుందో గురువునే నిర్ణయించమనండి. ఈ వయసు పిల్లలకు సాధారణంగా అయిదు, అయిదున్నర దగ్గర హాయిగా ఉంటుంది. మగ గురువులు పాడేది ఒకటి దగ్గర కాబట్టి ఆయన శ్రుతినే పిల్లకు పెట్టకూడదు. జూమ్‌లో అయితే Original Sound అనే ఆప్షన్ ఆన్ చేయండి. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టండి, రెండో చెవి తంబూరా వినాలి.

ఇంట్లో రెండు పరీక్షలు

మీకు సంగీతం రాకపోయినా ఇవి చేయవచ్చు.

1. మొదటి సరళీ వరసను మూడు కాలాల్లో, తనే తాళం వేసుకుంటూ పాడమనండి. మీరు చేతిని మాత్రమే చూడండి. కాలం మారినా చేతి వేగం మారకూడదు, స్వరాలే రెట్టింపు కావాలి. చేయి కూడా పరుగెత్తితే లయ ఇంకా కుదరలేదని అర్థం.

2. తంబూరా పెట్టి 'స' పట్టమనండి. తర్వాత తంబూరా ఆపి వరస పాడించండి. చివరి 'స' దగ్గర ఆపకుండా పట్టి ఉంచమని మళ్లీ తంబూరా పెట్టండి. రెండూ ఒకటైపోతే శ్రుతి నిలిచింది. ఒకదానితో ఒకటి గీసుకున్నట్టు వినిపిస్తే జారింది.

ఏం చేయాలి?

ఈ రెండూ నిలకడగా వచ్చేదాకా గురువు ఎదురుగా నేర్పించండి. వారం వారం కుదరకపోతే పదిహేను రోజులకోసారైనా తీసుకెళ్లండి, మధ్యలో ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకోండి. గురువు పాడిన వరసను వారి అనుమతితో రికార్డు చేసుకుంటే ఇంట్లో దానితో కలిసి పాడుకోవచ్చు. రికార్డింగ్‌తో పాడితే ఆలస్యం సమస్య ఉండదు.

జంట వరసలు, అలంకారాలు మూడు కాలాల్లో తనంతట తాను పాడగలిగిన పిల్లకు గీతాలు, కృతులు ఆన్‌లైన్‌లో చెప్పించినా పెద్దగా నష్టం లేదు. అప్పటికి తాళం తన చేతిలో, శ్రుతి తన చెవిలో ఉంటాయి. గురువు ఒక్కో పంక్తి పాడి ఆపితే అందుకోగలదు. అంతకుముందే పాటలకు వెళ్లిపోతే పాట వస్తుంది గానీ శ్రుతి, లయ వెనకబడతాయి. వాటిని తర్వాత సరిదిద్దాలంటే మళ్లీ సరళీ వరస దగ్గరికే రావాలి.

ఈ ఆదివారం మొదటి పరీక్ష చేసి చూడండి. అయిదు నిమిషాలు చాలు.