π ని 3 అనుకుంటే ఏ ఆప్షన్‌కి వెళ్తాం?

ప్లేస్‌మెంట్ ఆప్టిట్యూడ్ పేపర్లలో రెండు మూడు ఆకారాలు అతికించి ఘనపరిమాణం అడిగే లెక్క ఒకటి తరచుగా కనిపిస్తుంది. కాలిక్యులేటర్ ఉండదు, టైమ్ తక్కువ. అందుకే చాలామంది π ని 3 అనేసుకుని, దగ్గర్లో ఉన్న ఆప్షన్ టిక్ చేస్తారు. ఒక లెక్కతో చూద్దాం.

లేత్ మీద తీసిన ఏటికొప్పాక లక్కబొమ్మ లాంటి ఒక చెక్క బొమ్మ. కింద అర్ధగోళం, మధ్యలో సిలిండర్, పైన శంఖువు (అదే, మన కోన్). మూడింటికీ వ్యాసార్థం 3 సెం.మీ. మొత్తం ఎత్తు 12, శంఖువు ఏటవాలు ఎత్తు 5. ఘనపరిమాణం సుమారుగా ఎంత? ఆప్షన్లు: 217, 236, 292, 434.

ముందు ఎత్తులు విడదీయాలి. ఏటవాలు 5, వ్యాసార్థం 3 కాబట్టి పైథాగరస్ ప్రకారం శంఖువు నిట్టనిలువు ఎత్తు 4. అర్ధగోళం ఎత్తు దాని వ్యాసార్థమే, 3. ఇక సిలిండర్‌కి మిగిలేది 12 − 4 − 3 = 5.

ఇప్పుడు మూడు ఫార్ములాలు విడివిడిగా వేయక్కర్లేదు. శంఖువు అంటే అదే అడుగు మీద మూడో వంతు ఎత్తున్న సిలిండర్, అంటే 4/3. అర్ధగోళం (2/3)πr³ కాబట్టి అది 2r/3 ఎత్తున్న సిలిండర్‌తో సమానం, ఇక్కడ 2. మొత్తం ఎత్తు 5 + 2 + 4/3 = 25/3. దీన్ని πr² తో, అంటే 9π తో గుణిస్తే 75π.

అసలు మెలిక ఇక్కడుంది. π = 3 అయితే 225 వస్తుంది. దానికి 217 ఎనిమిది దూరంలో ఉంది, 236 పదకొండు దూరంలో. "దగ్గరి ఆప్షన్" అని 217 పెడితే మార్కు పోయినట్టే! 3 అనేది π కన్నా తక్కువ కాబట్టి అసలు జవాబు ఎప్పుడూ 225 కి పైనే ఉంటుంది. ఎంత పైన? దాదాపు 5 శాతం. 225 లో 5 శాతం 11, కలిపితే 236. 22/7 తో వేసినా 235.7 వస్తుంది.

మిగతా ఆప్షన్లూ ఊరికే పెట్టినవి కావు. ఏటవాలు 5 నే ఎత్తుగా తీసుకుంటే 69π, అదే 217. అర్ధగోళానికి బదులు పూర్తి గోళం వేస్తే 292. సిలిండర్ ఎత్తే 12 అనుకుంటే 434. ఈ చివరిదాన్ని లెక్క చేయకుండానే కొట్టేయొచ్చు. బొమ్మ మొత్తం 12 సెం.మీ. ఎత్తున్న డబ్బాలో పట్టాలి కదా, ఆ డబ్బాయే 108π, అంటే 340 లోపు.

ఎత్తులు కలిపే ఈ పద్ధతి వ్యాసార్థాలు ఒకటే అయినప్పుడే పనిచేస్తుంది. శంఖువు అడుగు సిలిండర్ కన్నా వెడల్పుగా ఉంటే దాన్ని విడిగా లెక్కగట్టాల్సిందే. ఒకవేళ శంఖువు ఆకారంలో లోపలికి తొలిచారనుకోండి, 4/3 ని కలపకుండా తీసేయాలి.