పది సెకన్ల దారి

సందేహాలు - సమాధానాలు

సందేహం: మాది చంద్లాపూర్. రంగనాయక సాగర్ కట్ట మీదికి సందర్శకులను తీసుకొచ్చే ఆటో నాది. మా తాత ముప్పై ఏళ్లు చుట్ట తాగిండు. నాయిన పొద్దుగాల నుంచి రాత్రి దాకా అయిదుసార్లు తంబాకు, సున్నం నలిపి దవడకు పెట్టుకుంటడు. నేను సిగరెట్ మొదలుపెట్టి ఎనిమిది నెలలే. మొదట రోజుకు రెండు, ఇప్పుడు ఎనిమిది. నాయిన పండుగ పూట పెట్టుకోకున్నా ఉండగలడు, నేను గంట కూడా ఉండలేను. ముగ్గురిదీ పొగాకే కదా, నాకే ఇంత తొందరగా ఎందుకు పట్టుకుంది?

సమాధానం: తమ్ముడూ, మీ ముగ్గురిలోకీ వెళ్లింది ఒకే నికోటిన్. వెళ్లిన దారే వేరు.

నికోటిన్‌కు ఒక గుణం ఉంది. పులుపు, అంటే ఆమ్లం ఉన్నచోట అది విద్యుదావేశాన్ని మోస్తూ తడిలోనే ఉండిపోతుంది, మన నోటిలోని పొరను దాటలేదు. క్షారం ఉన్నచోట ఆ ఆవేశం వదిలేసి పొరలోంచి సులువుగా లోపలికి జారుకుంటుంది. మీ నాయిన తంబాకులో సున్నం నలిపేది ఇందుకే. సున్నం లేకపోతే అదే తంబాకు అంతగా ఎక్కదని ఆయనకు అనుభవంతో తెలుసు. చుట్టకు వాడే ఆకు ఎండకో గాలికో ఆరుతుంది, అందులోని చక్కెరలు చాలావరకు పోతాయి. కాబట్టి దాని పొగ క్షారంగా, ఘాటుగా ఉంటుంది. గొంతులోకి లాగితే మండుతుంది. అందుకే మీ తాత పొగను నోట్లోనే ఉంచి వదిలి ఉంటాడు. నికోటిన్ ఆయన బుగ్గల నుంచే ఎక్కింది.

సిగరెట్ సంగతి వేరు. గుంటూరు, ప్రకాశం వైపు వర్జీనియా పొగాకును బ్యారన్లలో కాలుస్తారు. మొదట వెచ్చని తేమలో ఆకు పసుపెక్కుతుంది, అందులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది. సరిగ్గా అప్పుడు వేడి పెంచి ఆరబెడతారు. ఆ చక్కెర ఆకులోనే నిలిచిపోతుంది. అలాంటి ఆకు పొగ కొంచెం ఆమ్లంగా ఉంటుంది, గొంతును అంతగా మండించదు. అయితే నోట్లోంచి ఎక్కదు. ఎక్కాలంటే ఊపిరితిత్తుల దాకా లాగాల్సిందే. మెత్తగా ఉంది కాబట్టి లాగడమూ సులువే. ఈ రెండు గుణాలూ ఒకే ఆకులో కలవడమే నీ కష్టానికి మొదలు అనుకుంటాను.

ఊపిరితిత్తులలోని గాలి గదులను పరిస్తే ఒక పెద్ద ఇంటి నేలంత వస్తాయి. వాటి పొర వెంట్రుక కంటే చాలా పలుచన. పొగలోని నికోటిన్ అక్కడ రక్తంలో కలిసి నేరుగా గుండె ఎడమ వైపుకు వెళ్తుంది. అక్కడి నుంచి మెడ ధమనుల మీదుగా మెదడుకు చేరుతుంది. మొత్తం పది నుంచి ఇరవై సెకన్లు. మీ నాయిన బుగ్గ నుంచి బయలుదేరిన నికోటిన్ సిరల గుండా గుండె కుడి వైపుకు పోయి, ఊపిరితిత్తులు తిరిగి, ఒంట్లోని రక్తంలో పలుచబడుతూ మెదడుకు వస్తుంది. రక్తంలో దాని మట్టం పూర్తిగా పెరగడానికి అరగంట దాకా పడుతుంది. ఉమ్మితో మింగిందైతే కాలేయం గుండా వెళ్లాలి. అక్కడే ఎక్కువ భాగం విరిగిపోతుంది.

మెదడులో నికోటిన్ చేరే గ్రాహకాలు కొన్ని ఉన్నాయి. అది వాటిని తట్టగానే డోపమిన్ విడుదలవుతుంది. డోపమిన్ చేసే పని హాయినివ్వడం ఒక్కటే కాదు, 'ఇప్పుడు చేసింది గుర్తుపెట్టుకో' అని మెదడుకు చెప్పడం కూడా. పని చేసిన పది సెకన్లకే ఫలం అందితే మెదడు ఆ రెండింటినీ గట్టిగా ముడివేస్తుంది. అరగంటలో మెల్లగా పెరిగిన మట్టాన్ని ఏ పనికి ముడివేయాలో దానికి అంత స్పష్టంగా తెలియదు.

ఇప్పుడు నీ లెక్క వేద్దాం. రెండుతో మొదలై ఎనిమిదికి వచ్చావు కాబట్టి సగటున రోజుకు అయిదు సిగరెట్లు అనుకుందాం. ఒక్కోదానికి సుమారు పది దమ్ములు, అంటే రోజుకు 50. ఎనిమిది నెలలకు, 240 రోజులకు, 12,000 దమ్ములు. ప్రతి దమ్మూ మెదడుకు ఒక పాఠం. మీ నాయినకు రోజుకు అయిదు పాఠాలు, ఏడాదికి 1,825. నువ్వు ఎనిమిది నెలల్లో నేర్చుకున్నన్ని పాఠాలు ఆయన నేర్చుకోవాలంటే ఆరున్నరేళ్లు కావాలి. పైగా నీ పాఠాలు ప్రయాణికుల కోసం ఎదురుచూసే వేళకు, చాయ్‌కి, ఫోన్ మాట్లాడటానికి ముడిపడి ఉన్నాయి. అందుకే ఆటో ఆపగానే చెయ్యి జేబులోకి పోతుంది.

నెమ్మదిగా ఎక్కేది మంచిదని మాత్రం అనుకోవద్దు. నీ నికోటిన్‌కు సాటి మోతాదు మీ నాయిన ఒంట్లోకీ చేరుతూ ఉండవచ్చు, ఆయనకూ అలవాటు పడింది. నోటి క్యాన్సర్ ముప్పు అయితే దవడన పెట్టేవారికి చాలా ఎక్కువ. తంబాకు పెట్టే చోట తెల్లని మచ్చ ఉన్నా, రెండు వారాలకు మానని పుండు ఉన్నా, నోరు మునుపటిలా తెరుచుకోకపోయినా ఆయనను వెంటనే డాక్టర్‌కు చూపించు.

నీ ఒంట్లో పట్టు ఎంత గట్టిగా ఉందో తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తావు? రక్తంలో నికోటిన్ రెండు గంటలకోసారి దాదాపు సగమవుతుంది. రాత్రంతా నిద్రపోతే చాలా కొద్దిగా మిగులుతుంది. మొద్దుబారిన గ్రాహకాలు తిరిగి మేల్కొని ఖాళీగా ఎదురుచూస్తుంటాయి. అయిదు నిమిషాల లోపే వెలిగిస్తే పట్టు బాగా బిగిసినట్టు.

సందేహం: నేను బీడీలు చుడుతాను. మా ఆయన బీడీలే తాగుతాడు. 'ఇందులో పొగాకు చిటికెడే, సిగరెట్ అంత పట్టదు' అంటాడు. నిజమేనా అక్కా?

సమాధానం: చెల్లీ, చిటికెడే అన్నమాట నిజం. బీడీలో పొగాకు సిగరెట్‌లో కంటే తక్కువే ఉంటుంది. కానీ ఆ పొగాకులో నికోటిన్ పాలు ఎక్కువ. మీరు చుట్టే తునికాకు గాలిని ఆడనివ్వదు కాబట్టి లాగకుండా కాసేపు ఉంచితే ఆరిపోతుంది. అందుకని తాగేవాడు మాటిమాటికీ గట్టిగా లాగుతాడు. ఆ పొగ పోయేదీ ఊపిరితిత్తులలోకే, మెదడుకు చేరేదీ అదే పది సెకన్ల దారిలోనే. పట్టే వేగంలో బీడీ సిగరెట్ వెంటే ఉంటుంది, తంబాకు వెంట కాదు.

సందేహం: సిగరెట్ మానాలని నికోటిన్ గమ్ కొన్నాను. నమిలినా ఏమీ అనిపించడం లేదు. మోసపోయానా?

సమాధానం: మోసం లేదు. సిగరెట్‌లా ఒక్కసారిగా ఎక్కకపోవడమే దాని పని. 2 మిల్లీగ్రాముల గమ్‌లో సుమారు సగమే ఒంటికి అందుతుంది, అదీ అరగంటలో మెల్లగా. మెదడు దానితో కొత్త ముడి వేసుకోదు, వణుకు, చిరాకు మాత్రం తగ్గుతాయి. చర్మానికి అతికించే ప్యాచ్ అయితే గంటల తరబడి ఇంకా నెమ్మదిగా ఇస్తుంది.

అయితే చాలామంది గమ్‌ను మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేస్తారు. నికోటిన్ ఉమ్మితో కడుపులోకి పోయి వెక్కిళ్లు, వికారం వస్తాయి, ఫలితం దక్కదు. నోట్లో చిరుమంట పుట్టేదాకా మెల్లగా నమిలి, ఆపి, దవడకూ చిగురుకూ మధ్య ఉంచాలి. మంట తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట. మొదట చెప్పిన పులుపు సంగతి ఇక్కడా వర్తిస్తుంది. చాయ్, కాఫీ, నిమ్మ సోడా, కూల్‌డ్రింక్ తాగిన పావుగంట దాకా గమ్ పెట్టుకుంటే నోటి పొర నుంచి నికోటిన్ ఎక్కదు. నమిలేటప్పుడూ అవి వద్దు.

కోరిక పుట్టాక పెట్టుకుంటే ఆలస్యమవుతుంది. చాయ్ కొట్టు దగ్గర మనసు లాగుతుందని తెలిస్తే, అక్కడికి వెళ్లడానికి అరగంట ముందే గమ్ మొదలుపెట్టి, ఆ పూట చాయ్ మానేయండి. లేచిన అరగంటలోనే సిగరెట్ వెలిగించే అలవాటు ఉంటే 2 మిల్లీగ్రాములది చాలకపోవచ్చు. 4 మిల్లీగ్రాములది, లేదా ప్యాచ్‌తో కలిపి గమ్, డాక్టర్ చీటీ మీద తీసుకోండి. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే జాతీయ పొగాకు విరమణ టోల్ ఫ్రీ నంబరు 1800-11-2356.