ప్రశ్నలు – జవాబులు: ‘టమాట’ ఎప్పుడు ఆగింది?

ప్రశ్న: మా ఏడో తరగతి పిల్లవాడొకడు రెండేళ్లు అమ్మానాన్నలతో పుణెలో ఉండి జూన్‌లో తిరిగొచ్చాడు. మాటల్లో హిందీ దొర్లుతుందని మొదట్లో అందరూ ‘పూనా’ అనేవారు. వాడూ నవ్వేవాడు, వాళ్లలో ఒకణ్ని ‘టమాట’ అని పిలిచేవాడు. దసరా సెలవుల తర్వాత ‘లేబరు’ మొదలైంది. వాళ్ల నాయిన పేరు పెట్టి అరుస్తున్నారు. తల్లి గురించి కూడా ఏదో అన్నారని విన్నాను. అడిగితే ‘ఏం లేదు సార్, ఆటకే’ అంటాడు. ఆటల పీరియడ్‌లో వరండాలో కూర్చుంటాడు. ఇంటర్‌వెల్‌లో బయటికి పోడు, పాఠం మధ్యలో లేచి ‘ఒంటేలు సార్’ అంటాడు. పిల్లలన్నాక ఇవన్నీ మామూలేనని మా పీఈటీ సారు అంటున్నారు. ఇది ఆటా, వేధింపా?
– సోషల్ టీచర్, జెడ్పీ హైస్కూల్, వనపర్తి జిల్లా

జవాబు: వేధింపే. దసరాకు ముందు కాదు, తర్వాత.

‘పూనా’ అన్నన్నాళ్లూ ‘టమాట’ కూడా నడిచింది. అటు నుంచి ఒక పేరు వస్తే ఇటు నుంచి ఒకటి పోయేది, రెండింటికీ అందరూ నవ్వేవాళ్లు. ‘లేబరు’ వచ్చాక మీవాడి దగ్గర తిరిగి అనడానికి ఏమీ లేకుండా పోయింది. ‘టమాట’ ఎప్పుడు ఆగిందో మీరు రాయలేదు, అదే కనుక్కోండి. ఒకరోజు వాడు ఆ మాట అని ఉంటాడు, ఎవరూ నవ్వి ఉండరు, లేదా ఒక దెబ్బ పడి ఉంటుంది. ఆట ఆగిన రోజు అదే.

బడి వేధింపుల మీద నార్వేలో దశాబ్దాల పాటు పనిచేసిన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పాడు. బాధపెట్టాలనే ఉద్దేశం ఉండాలి, అది పదేపదే జరగాలి, ఇద్దరి మధ్య బలంలో తేడా ఉండాలి. మొదటి రెండూ మన టీచర్లు పట్టుకుంటారు. మూడోది తప్పిపోతుంది, ఎందుకంటే బలమంటే కండ అనుకుంటారు. మీవాడు తరగతిలో అందరికన్నా పొడుగే కావచ్చు. కానీ రెండేళ్లు ఊళ్లో లేడు. చిర్రగోనెకు, కబడ్డీకి జట్లు వాడు లేనప్పుడే కట్టుకున్నారు. వాడి తరఫున ఒక్క గొంతు లేవదు. అక్కడ బలమంటే అంతే.

ఇప్పుడు ఆ పేర్లను వరసగా చూడండి. మొదట యాస, తర్వాత తల్లిదండ్రుల పని, తర్వాత తండ్రి, చివరికి తల్లి. యాస వాడిది, ఒక ఏడాదిలో మారుతుంది. మిగతావేవీ వాడి చేతిలో లేవు. పిల్లవాడు చేసిన పని మీద పడిన పేరును వాడే మోసుకుంటాడు, కొన్నాళ్లకు దులుపుకుంటాడు. ఇంటి మీద పడిన పేరుకు బదులివ్వాలంటే అమ్మానాన్నల్ని మధ్యలోకి లాగాలి. అందుకే ‘ఏం లేదు సార్’ అంటున్నాడు. అది అబద్ధం కాదు, నాయిన పరువు కాపాడే ప్రయత్నం.

తండ్రి పేరు పెట్టి పిలవడం మన పాలమూరు బడుల్లో పాత ఆటే. తరగతిలో అందరి నాయినల పేర్లూ అలా గాల్లో తిరుగుతుంటే నేను కంగారు పడను. ఒక్కడి నాయిన పేరే తిరుగుతుంటే పడతాను. అది తేల్చడానికి ఒక్క ఇంటర్‌వెల్ చెవిపెట్టి వింటే చాలు.

ఇక మీకు నచ్చని మాట. వాళ్ల నాయిన ఏం పని చేస్తాడో తరగతికి ఎవరు చెప్పారు? అడ్మిషన్ రోజున, ఏదో ఫారం నింపే రోజున, బెంచీల మధ్య నిలబెట్టి ‘మీ నాయిన ఏం చేస్తడ్రా?’ అని గట్టిగా అడిగి ఉంటాం. ‘ఎస్సీ పిల్లలు లేవండి, స్కాలర్‌షిప్ కాగితాలు ఎవరెవరు ఇయ్యలేదు?’ అంటాం. ఆ ఒక్క నిమిషంలో నలభై మందికి నలభై కుటుంబాల సమాచారం అందుతుంది. గ్రౌండులో వినపడే పేర్లలో చాలావాటి పుట్టుక మన టేబుల్ దగ్గరే. నేను ఈ శీర్షికలో పదే పదే అనేది ఇదే, విసుగొచ్చినా అంటాను: కులం, తండ్రి పని, ఇంటి సంగతి అడగాల్సి వస్తే పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి అడగండి, కాగితం మీద రాయించుకోండి.

‘లేబరు’ అన్నవాళ్ల ఇళ్లలోనూ బొంబాయికో పుణెకో పోయివచ్చినవాళ్లు ఉంటారు. డ్యాముల పనులకు, కాలువ పనులకు మేస్త్రీల వెంట గుంపులుగా కదిలిన జిల్లా మనది. ‘పాలమూరు లేబర్’ అన్నది దేశమంతా తిరిగిన పేరు. ఎక్కువ గట్టిగా అరిచే పిల్లవాడు తన పెదనాయిన సంగతి బయటపడకుండా ముందే ఇంకొకడి మీదికి తోస్తున్నాడేమో చూడండి. అది తెలిస్తే వాడితో మాట్లాడే తీరు మారుతుంది.

ఏం చేయాలి? ముందు చేయకూడనివి. ప్రార్థనలో ఉపన్యాసం ఇవ్వకండి, తెలియని తరగతులకు కూడా ఆ పేరు తెలుస్తుంది. ఇద్దర్నీ నిలబెట్టి చేతులు కలిపించకండి. అన్నవాడికి అది నిమిషం పని, పడ్డవాడికి అందరి ముందు ఇంకో అవమానం. ‘ఎవరన్నార్రా’ అని తరగతిని అడగకండి, అడిగినా ఎవరూ చెప్పరు.

నాలుగు రోజులు ఇంటర్‌వెల్‌లో నల్లా దగ్గర, మధ్యాహ్న భోజనం వరస దగ్గర ఊరికే నిలబడండి. సాయంత్రం నోట్‌బుక్‌లో రాసుకోండి: అన్న మాట ఉన్నదున్నట్టు, ఎవరన్నారు, ఎవరు నవ్వారు, ఎవరు మొహం తిప్పుకున్నారు, వాడేం చేశాడు. ‘తిట్టాడు’ అని రాస్తే పనికిరాదు, మాట రాయాలి. వరసగా చూస్తే పేరు పెట్టేది ఒకడో ఇద్దరో అని, నవ్వేది ఐదారుగురని తేలుతుంది. ఫిన్లండ్‌లో క్రిస్టీనా సల్మివల్లీ బృందం చుట్టూ ఉండేవాళ్ల మీదే ఎక్కువ పరిశోధన చేసింది. నవ్వు దొరికితే పేరు నిలుస్తుందని, ఒకరిద్దరు అడ్డుపడితే తగ్గుతుందని వాళ్లు చూశారు.

కాబట్టి నవ్వేవాళ్లతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరినే, అదే రోజు, వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే సందు లేకుండా పిలవండి. నేరం మోపకండి. ‘వాడు ఆటకు రావడం లేదు, నువ్వు చూశావా? నువ్వేం చేయగలవు?’ అని అడిగి ఆగండి. ‘కబడ్డీలో తీసుకుంటా సార్’ అనే పిల్లవాడు ఒకడైనా దొరుకుతాడు. పేరు పెట్టేవాణ్ని చివర్లో పిలవండి. వారం తర్వాత మళ్లీ అందర్నీ అలాగే అడగండి. రెండోసారి అడుగుతారని తెలిస్తేనే మొదటి మాటకు విలువ.

తగ్గిందని ఎలా తెలుస్తుంది? ‘ఇప్పుడు బాగుందా?’ అని అడిగితే తెలియదు, మళ్లీ ‘ఏం లేదు సార్’ అంటాడు. వాడు ఇంటర్‌వెల్‌లో బయటికి పోతున్నాడా, పాఠం మధ్యలో లేవడం మానేశాడా అన్నది చూడండి. ఆ పాడు అలవాటుకు మీరు వాణ్ని తిట్టి ఉంటే ఇక తిట్టకండి. నలుగురూ ఉండే చోటికి పోకుండా ఉండటానికి వాడు కనిపెట్టుకున్న దారి అది.

తల్లి మీద అన్న మాట బూతైతే, చేయి చేసుకుంటే, ఈ మెత్తని పద్ధతి చాలదు. అప్పుడు నోట్‌బుక్‌తో హెడ్‌మాస్టర్ దగ్గరికి వెళ్లండి, అన్నవాడి తల్లిదండ్రుల్ని పిలిపించండి. పీఈటీ సారుకు ఆ పేజీలు చూపించండి, మామూలేనో కాదో ఆయనే చెబుతారు.

ప్రశ్న: మా కాలంలో ప్రతివాడికీ ఒక పేరుండేది. నన్ను ‘బక్కోడు’ అనేవారు. ఎవరూ చెడిపోలేదు. ఇప్పుడే ఎందుకింత రాద్ధాంతం?
– రిటైర్డ్ ఉద్యోగి, నాగర్‌కర్నూల్

జవాబు: మీకు పెట్టిన పేరు రాశారు, మీరు ఇతరులకు పెట్టినవి రాయలేదు. అవి కూడా పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రశ్న: మా బడికి నల్లమల పెంటల నుంచి చెంచు పిల్లలు వస్తారు. మిగతావాళ్లు ‘చెంచు’ అన్న మాటనే తిట్టులా వాడుతున్నారు. ఆ మాట అనకూడదని రూలు పెట్టాను. సరైనదేనా?
– ప్రధానోపాధ్యాయురాలు, అచ్చంపేట ప్రాంతం

జవాబు: రూలు తీసేయండి. ఆ పిల్లల తెగ పేరును బడిలో నిషేధిస్తే, అది సిగ్గుపడాల్సిన మాటే అని మీరు ఒప్పుకున్నట్టు. చూడాల్సింది మాటను కాదు, దాన్ని ఎక్కడ వాడుతున్నారో. వేరే పిల్లవాడు లెక్క తప్పు చేసినప్పుడో మురికిగా కనపడినప్పుడో ‘చెంచోడిలా’ అంటే అది తిట్టు. ఆ వాక్యాన్ని అక్కడికక్కడే ఆపి, ‘ఏ విషయంలో?’ అని అడగండి. జవాబు ఉండదు. మీరు మాత్రం ఆ పేరును మామూలు వాక్యాల్లో, తేనె తీయడం, గడ్డలు తవ్వడం, అడవిలో జాడ పట్టడం లాంటి పాఠాల్లో వాడుతూ ఉండండి. పిల్లల్ని లేపి చెప్పమనకండి, కొందరికి అదీ శిక్షే.

ఇంకొకటి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. నలుగురి ముందు కులం పేరుతో దూషించడం దాని కింద నేరం. పిల్లలు అన్నారని దాన్ని చూపి బెదిరించకండి, బడిలో సరిచేయండి. పెద్దవాళ్లు, ముఖ్యంగా స్టాఫ్‌రూంలో ఎవరైనా అంటుంటే గుర్తు చేయండి.

ప్రశ్న: మా పాపకు మాట తడబడుతుంది. క్లాసు టీచరే ‘నత్తి’ అని పిలుస్తుంది. పిల్లలూ అదే పట్టుకున్నారు.
– ఒక తల్లి, గద్వాల

జవాబు: విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 17 దెబ్బలతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది, చేస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలంది. హెడ్‌మాస్టర్‌కు తేదీతో, అన్న మాటతో ఒక పేజీ రాసివ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ కదలకపోతే మండల విద్యాధికారికి.

ప్రశ్న: మాది గట్టు మండలం. వనపర్తి వైపు హాస్టల్లో తొమ్మిది చదువుతున్నా. మా మాటలో కన్నడం కలుస్తుందని అందరూ నన్ను అనుకరిస్తారు. నేను మాట్లాడటమే తగ్గించేశా. టీచర్‌కు చెబితే చాడీ అవుతుందా మేడం?
– ఒక విద్యార్థిని

జవాబు: కాదమ్మా. ఒకరిని శిక్షింపజేయడానికి చెప్పేది చాడీ, నీ ఇబ్బంది పోగొట్టుకోవడానికి చెప్పేది కాదు. నీది నడిగడ్డ తెలుగు. కృష్ణా తుంగభద్రల మధ్య, రాయచూరు పక్కన ఉన్న ఊళ్లలో మాటలు అటూ ఇటూ కలవకుండా ఎలా ఉంటాయి?

అనుకరించేవాళ్లలో నీతో మామూలుగా ఉండే అమ్మాయి ఒకతె ఉంటుంది. నలుగురిలో కాకుండా, ఒంటరిగా ఉన్నప్పుడు ఆమెతో చెప్పు: ‘మీరు అలా అంటుంటే నేను తరగతిలో డౌట్లు అడగడం మానేశాను’ అని. చాలామందికి అది తెలియదు, నువ్వు ఏమీ అనడం లేదు కాబట్టి నీకూ సరదాయే అనుకుంటారు. చెప్పాక కూడా ఆపకపోతే సరదా కాదని తేలిపోతుంది. అప్పుడు వార్డెన్‌కు గానీ నీకు నమ్మకమున్న మేడంకు గానీ, నోటితో చెప్పలేకపోతే చీటీ మీద, ఏమంటున్నారో మాటలు రాసివ్వు. వాళ్లు కూడా పట్టించుకోకపోతే 1098కి ఫోన్ చేయి, డబ్బులు పడవు, నీ లాంటి పిల్లల కోసమే ఉంది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు మాత్రం మీ అవ్వతో మీ యాసలోనే మాట్లాడు. హాస్టల్లో వాళ్లు నవ్వారని అక్కడ కూడా మార్చుకోకు.